వంద దాటిన శాతం: అయొడిన్ ఆవిరి ప్రయోగంలో ఒక కేసు

భౌతిక రసాయన శాస్త్రం ల్యాబులో చాలా ఏళ్లుగా ఎమ్మెస్సీ పిల్లల చేత అయొడిన్ ఆవిరి ప్రయోగం చేయిస్తున్నాను. ప్రయోగం పాతదే. పది సెంటీమీటర్ల గాజు సెల్లులో రెండు మూడు అయొడిన్ పలుకులు వేసి మూత బిగించి, స్పెక్ట్రోఫోటోమీటరులో పెట్టి 500 నుంచి 650 నానోమీటర్ల దాకా శోషణం గీయిస్తాం. ఊదారంగు ఆవిరి గుండా వెళ్లిన కాంతిలో రంపపు పళ్లలాంటి పట్టీలు వరుసగా కనిపిస్తాయి. వాటి స్థానాలను కొలిచి ఉత్తేజిత ఎలక్ట్రాన్ స్థితిలో అణువు ఎంత గట్టిగా కంపిస్తుందో లెక్క కట్టడంతో చాలా కళాశాలల్లో ప్రయోగం ముగుస్తుంది. నేను దానికి ఇంకో ప్రశ్న చేర్చాను: గది ఉష్ణోగ్రత దగ్గర ఈ ఆవిరిలో ఎన్నో వంతు అణువులు మొదటి ఉత్తేజిత కంపన స్థాయిలో, అంటే v = 1 లో, ఉన్నాయి?

ఈ ప్రశ్నకు అయొడిన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. v = 0 కూ v = 1 కూ మధ్య శక్తి అంతరం అయొడిన్‌లో 213.3 సెం.మీ⁻¹ మాత్రమే. 298 కెల్విన్ల దగ్గర అణువులకుండే ఉష్ణశక్తికి కొలత అయిన kT విలువ అదే ప్రమాణంలో 207. రెండూ దాదాపు సమానం. శక్తి అంతరాన్ని k తో భాగిస్తే వచ్చే ఉష్ణోగ్రత 307 కెల్విన్లు, అంటే 34 డిగ్రీల సెల్సియస్. మన ఎండాకాలం మధ్యాహ్నం కంటే తక్కువే. అందుకని అయొడిన్ అణువులు వేడి చేయకముందే మంచి సంఖ్యలో పై స్థాయిల్లో ఉంటాయి, ఆ సంగతి వర్ణపటంలో నేరుగా కనిపిస్తుంది.

ఇక్కడ రాస్తున్నది ఒక విద్యార్థిని విషయంలో జరిగింది. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. తెలివైన అమ్మాయి, లెక్కల్లో దిట్ట. తప్పు దొరకడానికి అంత సమయం పట్టింది కూడా బహుశా అందుకే.

ఆమె తెచ్చిన చిక్కు

ఒక సాయంత్రం రికార్డు పుస్తకంతో నా గదికి వచ్చింది. "మేడం, v = 1 లో 35.7 శాతం అని వచ్చింది. కానీ మీరు పోయిన వారం క్లాసులో దాదాపు పావు వంతు అన్నారు. యూనిట్లు మూడుసార్లు చూశాను" అంది. ఆ మాట నేనన్నది నిజమే. ఆమె లెక్క ఇది:

```
x = exp(-ΔE/kT) = exp(-213.3/207.2) = 0.357
```

పక్కనే జూళ్లలో కూడా చేసి పెట్టుకుంది. ΔE విలువ 4.24 × 10⁻²¹ జూళ్లు, kT విలువ 4.12 × 10⁻²¹ జూళ్లు, నిష్పత్తి 1.03. అదే జవాబు.

అంతకుముందు సెమిస్టరులో హైడ్రోజన్ క్లోరైడ్‌కు ఇదే సూత్రంతో ఇదే పద్ధతిలో చేసి పూర్తి మార్కులు తెచ్చుకుంది. అది తెలిశాక అసలు సూత్రాన్ని అనుమానించాలన్న ఆలోచన నాకు రాలేదు. సరైన జవాబు ఇచ్చిన దారి తప్పుదారి అయి ఉండవచ్చని ఎవరికైనా వెంటనే తట్టదు కదా.

ముందు వెతికిన చోట్లు

ఇలాంటి లెక్కల్లో పది తప్పుల్లో ఏడు ప్రమాణాలవే. తరంగ సంఖ్యను జూళ్లలోకి మార్చేటప్పుడు కాంతి వేగాన్ని మీటర్లలో వేయడం, ఒక అణువు శక్తిని మోలు శక్తికి వాడే R తో భాగించడం, సెల్సియస్‌ను అలాగే వేసేయడం నేను రోజూ చూసేవే. అందుకని ఆమె మూడుసార్లు చూసినదాన్ని నేను నాలుగోసారి చూశాను. తప్పు లేదు. దీనికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర kT ఎప్పుడూ 207 సెం.మీ⁻¹ చుట్టూ ఉంటుంది. అంతరం కూడా సెం.మీ⁻¹ లోనే ఉంటే జూళ్ల జోలికి వెళ్లే పనే లేదు, భాగిస్తే చాలు. ఆ లెక్కన ఘాతం 1.03 సరైనదే.

తర్వాత నా అనుమానం అణువు కంపనం మీదికి మళ్లింది. మనం వాడింది సమాన దూరాల మెట్ల నిచ్చెన. నిజమైన అయొడిన్‌లో మెట్లు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. v = 0 నుంచి v = 1 కు 213.3 అయితే v = 1 నుంచి v = 2 కు 212 దగ్గర, ఆపైన ఇంకాస్త తక్కువ. పుస్తకాల్లో కనిపించే 214.5 అనే సంఖ్య ఆ నిచ్చెన అడుగున ఊహించిన విలువ. అది మొదటి మెట్టు ఎత్తు కాదు. దాన్నే వేసేవాళ్లు కూడా ఉంటారు. ఆమె వేయలేదు. మెట్లు కుదించుకుపోవడాన్ని లెక్కలోకి తెచ్చి మొత్తం మళ్లీ చేశాం. x మారలేదు, పై స్థాయిల విలువలు మాత్రం ఒక వెంట్రుకవాసి పెరిగాయి. 35.7 కూ పావు వంతుకూ మధ్య ఉన్న తేడా అంతటితో తీరేది కాదు.

అప్పుడు ఆమె తనంతట తానే ఇంకో ప్రయత్నం చేసింది. భ్రమణ స్థాయిల లెక్కలో 2J+1 అనే గుణకం ఉంటుంది కదా, కంపన స్థాయిలకు కూడా ఏదో గుణకం ఉండాలి, అది మరిచిపోయానేమో అని 2v+1 పెట్టి చూసింది. v = 1 కు 1.07 వచ్చింది. అంటే v = 0 లో కంటే v = 1 లో ఎక్కువ మంది! ఇది తప్పని ఆమెకే అర్థమైంది. రెండు పరమాణువుల అణువుకు సాగడం, కుంచించుకుపోవడం తప్ప వేరే కంపనం లేదు. ప్రతి స్థాయీ ఒంటరిదే, గుణకం ఎప్పుడూ ఒకటే. కానీ ఆ తప్పు ప్రయత్నమే దారి చూపింది. "వంద మందిలో నూట ఏడుగురు ఎలా ఉంటారు మేడం?" అంది నవ్వుతూ. నేను అక్కడ ఆగాను. నూట ఏడుగురు ఉండలేరన్నది సరే, మరి ఆ వంద మంది ఎవరు?

కూడి చూస్తే

పుస్తకంలో ఒక నిలువు వరుస గీయించాను. v = 0 నుంచి ఒక్కో స్థాయికి ఆమె పద్ధతిలోనే విలువ రాసి చివర కూడమన్నాను. వరుస ఇలా వచ్చింది:

```
v = 0   1.000
v = 1   0.357
v = 2   0.128
v = 3   0.046
v = 4   0.016
v = 5   0.006
...
మొత్తం  1.556
```

ఆమె పెన్ను మొత్తం దగ్గర ఆగిపోయింది. ఇవి వాటాలైతే మొత్తం ఒకటి రావాలి. నూట యాభై ఆరు శాతం అణువులు ఏ గాజు సెల్లులోనూ పట్టవు.

అప్పుడు విడమరిచి చెప్పాను. ఆమె వాడిన బోల్ట్జ్‌మన్ సూత్రం చెప్పేది పై స్థాయిలో ఉన్నవాళ్లకూ అడుగు స్థాయిలో ఉన్నవాళ్లకూ మధ్య నిష్పత్తి. అడుగు స్థాయికి ఒక రూపాయి ఇస్తే దాని పైస్థాయికి 36 పైసలు, ఆపై దానికి 13 పైసలు, ఆపైన 5 పైసలు, అలా ఇస్తూ పోతే పంచిన మొత్తం రూపాయి 56 పైసలు అవుతుంది. మొదటి పైస్థాయి వాటా ఎంత అంటే 36 ని 156 తో భాగించాలి, వందతో కాదు. వచ్చేది 23 శాతం. ఆ 1.56 కే పార్టిషన్ ఫంక్షన్ అని పేరు. మెట్లు సమాన దూరంలో ఉన్నాయనుకుంటే ప్రతి మెట్టుకూ అదే x గుణకంగా వస్తుంది కాబట్టి కూడిక అంతటినీ 1/(1 − x) అని ఒక్క ముక్కలో రాసేయవచ్చు. అప్పుడు:

```
f0 = 1 - x          = 0.643
f1 = x (1 - x)      = 0.230
f2 = x² (1 - x)     = 0.082
```

మెట్లు కుదించుకుపోయే సంగతి కూడా కలిపితే f0 0.6415, f1 0.229 అవుతాయి. ముందు మేము ఎంతో ఆశ పెట్టుకున్న సవరణ మూడో దశాంశ స్థానం దగ్గర ఆగిపోయింది. ఎప్పుడు పట్టించుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో చెప్పే లెక్క అది: ఈ ఉష్ణోగ్రతలో అణువుల్లో 95 శాతం అడుగునున్న మూడు మెట్ల మీదే ఉన్నాయి, అక్కడ మెట్ల ఎత్తుల్లో తేడా ఒకటి రెండు సెం.మీ⁻¹ మాత్రమే.

మరి హైడ్రోజన్ క్లోరైడ్‌కు పూర్తి మార్కులు ఎలా వచ్చాయి? అక్కడ అంతరం 2886 సెం.మీ⁻¹. ఘాతం 13.9. x విలువ పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ, 9 × 10⁻⁷. దాన్ని (1 − x) తో గుణించినా గుణించకపోయినా కాగితం మీద తేడా కనిపించదు. రూపాయికి వెయ్యో వంతు పైసా కూడా చేర్చనప్పుడు మొత్తం రూపాయే. నైట్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వంటి పాఠ్యపుస్తకాల ఉదాహరణలన్నీ ఇలాంటివే. నిష్పత్తినే వాటా అనుకున్న విద్యార్థికి అవి ఏడాది పొడవునా సరైన జవాబే ఇస్తూ పోతాయి. నేను కూడా ఆ పాఠం అలాగే చెప్పాను, ఆ ఉదాహరణలతోనే. ఆ తప్పులో నా వాటా ఎంతో తేల్చడానికి పార్టిషన్ ఫంక్షన్ అక్కర్లేదు.

వర్ణపటం ఒప్పుకోలేదు

లెక్క తేలింది. ఇక దాన్ని వర్ణపటంలో చూపాలి. ఇక్కడ రెండో చిక్కు మొదలైంది, ఇది మొదటిదానికంటే గట్టిది.

అయొడిన్ పట్టీల్లో మూడు వరుసలు ఉంటాయి. v = 0 నుంచి బయలుదేరినవి పొట్టి తరంగదైర్ఘ్యాల వైపు, v = 1 నుంచి వచ్చినవి మధ్యలో, v = 2 నుంచి వచ్చినవి పొడుగు తరంగదైర్ఘ్యాల వైపు. రెండూ మూడూ రకాలను హాట్ బ్యాండ్లు అంటారు. గుర్తుపట్టడానికి మేము పెట్టుకున్న మైలురాళ్లు మూడు: 541.2 నానోమీటర్ల దగ్గర v = 0 పట్టీ, 571.6 దగ్గర v = 1 పట్టీ, 595.7 దగ్గర v = 2 పట్టీ. ఉత్తేజిత స్థితిలో అవి వరుసగా 27, 18, 13 స్థాయిలకు చేరతాయి.

ఆమె ఆలోచన సూటిగా ఉంది. 541.2 పట్టీ ఎత్తుతో 571.6 పట్టీ ఎత్తును భాగిస్తే 0.357 రావాలి, ఎందుకంటే ఇక్కడ కావలసింది నిష్పత్తే, వాటా కాదు. ఆ ముక్క ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. భాగించింది. 0.357 కు దరిదాపుల్లో కూడా లేదు. ఇంకో జత పట్టీలు తీసుకుంటే ఇంకో సంఖ్య. 560 నుంచి 580 మధ్య v = 1 పట్టీలు v = 0 పట్టీలను మించి కనిపిస్తాయి, ఆ వరకే చూసినవాళ్లు v = 1 లోనే ఎక్కువ మంది ఉన్నారని తేల్చేస్తారు.

దీనికి కారణం అణువు రూపంలోనే ఉంది. మామూలు స్థితిలో అయొడిన్ పరమాణువుల మధ్య దూరం 2.67 ఆంగ్‌స్ట్రామ్‌లు. కాంతిని మింగి ఉత్తేజిత స్థితికి పోయాక ఆ స్థితికి ఇష్టమైన దూరం 3.02. ఎలక్ట్రాన్ దూకేంత లిప్తలో పరమాణువులు కదలవు. v = 0 లో ఉన్న అణువు 2.67 చుట్టూ కొద్ది మేర మాత్రమే ఊగుతుంది కాబట్టి పైకి దూకినప్పుడు పైస్థితి లోయలో ఎత్తైన గోడ మీద పడుతుంది. అందుకే దాని బలమైన పట్టీలు ఎక్కువ శక్తి వైపు ఉంటాయి. v = 1 లో ఉన్నది ఇంకాస్త దూరం సాగుతుంది. సాగిన చోట నుంచి దూకితే లోయలో కింద పడుతుంది. అందుకని తక్కువ శక్తి వైపు, అంటే పొడుగు తరంగదైర్ఘ్యాల వైపు, దాని పట్టీలే రాజ్యం చేస్తాయి. ఏ పట్టీ ఎత్తయినా ఆ స్థాయిలో ఉన్న అణువుల సంఖ్య, ఆ దూకుడుకు ఉన్న అవకాశం, ఈ రెండింటి లబ్ధం. రెండోదాన్ని ఫ్రాంక్-కాండన్ గుణకం అంటారు. అది ఒక్కో పట్టీకీ ఒక్కో తీరు, మేము కొలిచింది రెండూ కలిసిన విలువ.

ఆ గుణకాలను లెక్క కట్టిన పట్టికలు ఉన్నాయి, వాడవచ్చు. నాకు ఇష్టం లేదు. వేరేవాళ్ల లెక్కను తెచ్చి మన కొలతను దానితో సరిదిద్దుకుంటే చివరికి పరీక్షకు నిలబడింది మన కొలతా వాళ్ల పట్టికా అన్నది తెలియదు. అంతకంటే మంచి దారి ఉంది. ఫ్రాంక్-కాండన్ గుణకం ఉష్ణోగ్రతతో మారదు. అదే పట్టీల జతను రెండు ఉష్ణోగ్రతల దగ్గర కొలిచి, నిష్పత్తుల నిష్పత్తి తీసుకుంటే ఆ గుణకాలు పైనా కిందా కొట్టుకుపోతాయి. మిగిలేది జనాభా మార్పు ఒక్కటే.

వేడి చేసి చెడగొట్టిన తీరు

సెల్లుకు హీటింగ్ టేపు చుట్టి 70 డిగ్రీలకు తెచ్చాం. శోషణం ఒక్కసారిగా పెరిగి 2 దాటింది. 571.6 పట్టీ ఎన్నో రెట్లు ఎత్తయింది. ఆమె సంతోషంగా "హాట్ బ్యాండ్ పెరిగింది మేడం" అంది. పెరిగింది, కానీ దానితోపాటు అన్నీ పెరిగాయి. సెల్లులో ఘన అయొడిన్ ఉంది, వేడి చేస్తే ఇంకా ఆవిరవుతుంది. 25 డిగ్రీల దగ్గర దాని ఆవిరి పీడనం 0.3 మిల్లీమీటర్ల పాదరసం, 70 దగ్గర అది పాతిక రెట్లకు పైగా ఉంటుంది. మేము చూసింది అణువులు పై మెట్టు ఎక్కడం కాదు, కొత్త అణువులు గదిలోకి రావడం.

నిష్పత్తి తీసుకుంటే ఆ గొడవ పోవాలి కదా అని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. సూత్రప్రకారం పోవాలి. కానీ అయొడిన్ పట్టీ ఒక్కొక్కటీ లోపల వందల సన్నని భ్రమణ గీతలతో నిండి ఉంటుంది. మా పరికరం చీలిక వెడల్పు అర నానోమీటరు, దానికి ఆ గీతలు విడిగా కనపడవు. గీత నడుమ కాంతి పూర్తిగా ఆగిపోయినా, పక్కనున్న ఖాళీ గుండా కాంతి జారి వస్తూనే ఉంటుంది, పరికరం రెండింటి సగటు చూపిస్తుంది. అందుకని అణువుల సంఖ్య రెట్టింపయినా చూపే శోషణం రెట్టింపు కాదు. బలమైన పట్టీలో ఈ లోటు ఎక్కువ, బలహీనమైన పట్టీలో తక్కువ. అంతే, నిష్పత్తి చెడింది. మేము తీసిన నిష్పత్తి అంచనా కంటే చాలా ఎక్కువ పెరిగింది. తెలియనివాళ్లు దాన్నే విజయం అనుకుని రాసేసుకుంటారు.

ఇంకో చిన్న అపశ్రుతి కూడా. టేపు గాజు గొట్టాన్ని కప్పింది గానీ రెండు చివరల ఉన్న కిటికీ పలకలను కప్పలేదు. సెల్లులో అన్నిటికంటే చల్లని చోటు అవే. పది నిమిషాల్లో వాటి మీద నల్లని మిలమిలలాడే పొర పేరుకుంది. వర్ణపటం అడుగు గీత మొత్తం పైకి లేచింది. అడుగు గీత ఇలా అన్ని తరంగదైర్ఘ్యాల దగ్గరా ఒకేలా లేస్తే ముందు కిటికీ పలకలను చూడాలి.

పని చేసిన ఏర్పాటు

గాజు పనివాడి చేత సెల్లుకు కిందివైపు వేలంత గొట్టం ఒకటి అతికించాం. అయొడిన్ పలుకులన్నీ ఆ గొట్టంలోకి చేరాయి. గొట్టాన్ని 23 డిగ్రీల నీటిలో ముంచి ఉంచాం. సెల్లు ఒంటినీ కిటికీ పలకల అంచులనూ మాత్రం విడిగా వేడి చేశాం. మూసిన పాత్రలో ఆవిరి పీడనాన్ని నిర్ణయించేది అన్నిటికంటే చల్లని చోటు. కాబట్టి ఒళ్లు 25 డిగ్రీలున్నా 70 ఉన్నా పీడనం మారదు, అణువుల ఉష్ణోగ్రత మాత్రం ఒంటిది. శోషణం రెండు సందర్భాల్లోనూ 0.1 చుట్టూనే ఉంది, గీతల బాధ లేదు.

కొలిచే ముందు ఏం రావాలో ఆమెనే లెక్క కట్టమన్నాను. ఈసారి కాగితం మీద తప్పు లేదు:

```
            298 K     343 K
x           0.357     0.409
f0          0.643     0.591
f1          0.230     0.242
f2          0.082     0.099
```

పట్టిక వేసి ఆమె మళ్లీ ఆగింది. నలభై అయిదు డిగ్రీలు పెంచితే v = 1 వాటా 23 నుంచి 24 కు మాత్రమే పెరిగింది. "ఇంతేనా?" అంది. ఇది నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన చోటు. వేడి చేస్తే v = 0 నుంచి v = 1 లోకి వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, కానీ v = 1 నుంచి v = 2 లోకి పోయేవాళ్లు కూడా పోతూనే ఉంటారు. మధ్య మెట్టు దారిలో ఉన్న సత్రం లాంటిది. x(1 − x) అనే సూత్రాన్ని చూడండి, x సగం అయినప్పుడు అది 0.25 అవుతుంది, అంతకు మించి ఎప్పుడూ పోదు. సమాన మెట్ల నిచ్చెనలో మొదటి ఉత్తేజిత స్థాయిలో ఏ ఉష్ణోగ్రతలోనూ పావు వంతు మించి అణువులు ఉండవు. అయొడిన్‌కు ఆ శిఖరం 443 కెల్విన్ల దగ్గర, అంటే 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆపైన వేడి చేస్తే v = 1 తగ్గడం మొదలవుతుంది. ఆమె మొదట తెచ్చిన 35.7 శాతం ఏ వేడిలోనూ సాధ్యం కాని సంఖ్య! ఈ ఒక్క సంగతి ముందే గుర్తుండి ఉంటే నా గదిలో మొదటి సాయంత్రమే నిమిషంలో తేలిపోయేది.

కొలతకు వద్దాం. పీడనం ఒకటే అయినా ఒళ్లు వేడెక్కితే ఆవిరి పలచబడుతుంది, 298/343 లెక్కన 0.87 వంతుకు. దానితో కలిపితే 541.2 పట్టీ అయిదో వంతు తగ్గాలి, 571.6 పట్టీ కూడా ఎనిమిది శాతం తగ్గాలి, 595.7 పట్టీ మాత్రం అయిదు శాతం పెరగాలి. అదే జరిగింది. వేడి చేస్తే హాట్ బ్యాండ్ తగ్గడం తెర మీద చూసి పక్క బల్ల దగ్గరి పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. పోల్చవలసింది నిష్పత్తినే. v = 1 పట్టీకీ v = 0 పట్టీకీ ఉన్న నిష్పత్తి 0.409/0.357, అంటే 1.145 రెట్లు కావాలి. మూడుసార్లు కొలిస్తే 1.10, 1.13, 1.17 వచ్చాయి. v = 2 పట్టీతో 1.31 రావాలి, సగటున 1.29 వచ్చింది.

ఈ కొలతల నుంచి వెనక్కి వెళ్లి శక్తి అంతరాన్ని రాబట్టవచ్చు. నిష్పత్తి లాగరిథమ్‌ను 1/T ల తేడాతో భాగించి k తో గుణిస్తే చాలు. 1.10 నుంచి 151 సెం.మీ⁻¹ వస్తుంది, 1.17 నుంచి 248 వస్తుంది. నిజం 213. ఇంత వెడల్పాటి వ్యాప్తి చూసి ఆమె నీరుగారింది. నేను నీరుగారలేదు. 14 శాతం మార్పును వెతుకుతూ, 0.1 శోషణం దగ్గర, పట్టీల కింద ఉన్న అఖండ శోషణాన్ని చేత్తో గీసిన అడుగు గీతతో తీసేస్తే నిష్పత్తిలో మూడు శాతం తప్పు సహజం. ఆ మూడు శాతమే లాగరిథమ్‌లో అయిదో వంతు తప్పు అవుతుంది. v = 2 తో చేస్తే రెండు మెట్ల ఎత్తు 402 వచ్చింది, నిజం 425. మార్పు పెద్దదైతే తప్పు వాటా చిన్నదవుతుంది, కాబట్టి అదే నమ్మదగ్గది. అసలు అంతరం కావాలంటే పట్టీల స్థానాలు కొలవాలి, అవి ఒక సెం.మీ⁻¹ దాకా తెలుస్తాయి. ఎత్తులు కొలిచేది అణువులు నిజంగా బోల్ట్జ్‌మన్ చెప్పినట్టే సర్దుకున్నాయా అని చూడడానికి. రికార్డులో ఆమె ఆ రెండు పనులనూ వేరు చేసి రాసింది, సవరణ నేను చెప్పకముందే.

తర్వాత మార్చినవి

రికార్డు ఫారంలో ఇప్పుడు ఒక నిలువు వరుస అదనంగా ఉంది: ప్రతి స్థాయి వాటా, అడుగున మొత్తం. మొత్తం ఒకటి రాకపోతే రికార్డు నా బల్ల మీదికి రాకూడదు. క్లాసులో కూడా హైడ్రోజన్ క్లోరైడ్, అయొడిన్ రెండింటినీ ఒకే రోజు పక్కపక్కనే చేయిస్తున్నాను. ఒకదానిలో హారం కనిపించదు, రెండోదానిలో దాన్ని తప్పించుకోలేరు.

ఈ కూడిక పరీక్ష మీద నాకు కొంత గర్వం ఉండేది. తర్వాతి బ్యాచ్‌లో ఒక అబ్బాయి అది కాస్త తగ్గించాడు. కార్బన్ డయాక్సైడ్ వంగే కంపనం తీసుకున్నాడు, అంతరం 667 సెం.మీ⁻¹, గది ఉష్ణోగ్రతలో x విలువ 0.040. సూత్రం ప్రకారం x(1 − x) వేసి 3.8 శాతం అన్నాడు. అడుగున మొత్తం చక్కగా ఒకటి వచ్చింది. నేనూ సంతకం పెట్టేశాను. ఇంటికి వెళ్తుంటే దారిలో తట్టింది. కార్బన్ డయాక్సైడ్ నిలువునా వంగగలదు, అడ్డంగానూ వంగగలదు, రెండింటి శక్తీ ఒకటే. అక్కడ మొదటి పైస్థాయి ఒంటరిది కాదు, జంట. అంతకుముందు ఆ అమ్మాయి లేనిచోట పెట్టిన గుణకం ఇతను ఉన్నచోట వదిలేశాడు. సరైన వాటా 2x(1 − x)², అంటే 7.4 శాతం. గుణకం మరిచినా పంచిన మొత్తంతోనే భాగిస్తాం కాబట్టి కూడిక ఎప్పుడూ ఒకటే చూపిస్తుంది. మర్నాడు రికార్డు వెనక్కి తెప్పించి సంతకం కొట్టేశాను. ఫారంలో వాటా వరుసకు ముందు, ఆ స్థాయిలో ఎన్ని స్థితులు ఉన్నాయో రాసే ఇంకో గడి గీశాను.